యూకే 8 అంటే యూఎస్ ఎంత, ఈయూ ఎంత? హాఫ్ సైజుల దగ్గర లెక్క ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: నాకు ఇక్కడ కొన్న లెదర్ షూ 8 నంబరు సరిగ్గా సరిపోతుంది. మా బావగారు డల్లాస్ నుంచి వచ్చే నెల వస్తున్నారు, రన్నింగ్ షూ తెస్తాను సైజు చెప్పమన్నారు. ఒక చార్ట్‌లో యూకే 8 అంటే యూఎస్ 8.5 అని ఉంది, ఇంకో చార్ట్‌లో యూఎస్ 9 అని ఉంది. ఈయూ చూస్తే ఒకచోట 42, ఒకచోట 42.5. గోడకు ఆనించి కొలిస్తే నా పాదం 26.6 సెంటీమీటర్లు వచ్చింది. అక్కడి నుంచి తెచ్చాక మార్చుకోవడం కుదరదు కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఏ చార్ట్ నమ్మాలి? అసలు హాఫ్ సైజులు ఎందుకు ఒకదానితో ఒకటి కలవవు?

సమాధానం:

ముందు బావగారికి ఏం చెప్పాలో చెబుతాను. "యూకే 8" అని మాత్రం చెప్పకండి. రన్నింగ్ షూ కాబట్టి "మగవాళ్ళ యూఎస్ 9, పెట్టె మీద సెంటీమీటర్ల దగ్గర 27 అని ఉండాలి" అని చెప్పండి. ఈ రెండూ కలిపి చెబితే తప్పు జరిగే అవకాశం బాగా తగ్గుతుంది. ఎందుకో ఇప్పుడు వివరంగా రాస్తాను. నేను ఆంబూరు, రాణిపేటల్లో ఎగుమతి షూ ఫ్యాక్టరీల్లో ఇరవై ఏళ్ళకు పైగా పని చేశాను. అందులో ఎక్కువ కాలం లాస్టులు, గ్రేడింగ్ చూసే విభాగంలోనే గడిచింది. సైజు నంబర్లతోనే నా రోజు మొదలయ్యేది, వాటితోనే ముగిసేది.

లాస్ట్ అంటే షూ కుట్టడానికి లోపల పెట్టే కాలి ఆకారపు అచ్చు. పాతకాలంలో చెక్కతో చేసేవాళ్ళు, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ప్లాస్టిక్‌వి వాడతారు. దాని మీద తోలు లాగి, బిగించి, అడుగున సోల్ అతికించాక లాస్టును బయటికి తీసేస్తారు. షూ లోపల మిగిలే ఖాళీయే ఆ లాస్ట్ ఆకారం. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, యూకే నంబరైనా, యూఎస్ నంబరైనా, ఈయూ నంబరైనా పుట్టింది మీ పాదం పొడవు నుంచి కాదు. లాస్ట్ పొడవు నుంచి. పాదం కంటే లాస్ట్ కాస్త పొడవుగా ఉంటుంది. నడిచేటప్పుడు పాదం ముందుకు జరుగుతుంది, వేళ్ళకు ఖాళీ కావాలి. ఆ ఖాళీ మామూలుగా 12 నుంచి 18 మిల్లీమీటర్ల దాకా పెడతారు. ఎంత పెట్టాలన్నది డిజైన్ చేసేవాళ్ళ ఇష్టం. ఒకే నంబరున్న రెండు షూల్లో ఒకటి సరిపోయి ఇంకొకటి బిగుతుగా ఉండడానికి మొదటి కారణం ఇదే.

ఇప్పుడు కొలబద్దల సంగతి. ఇంగ్లీషువాళ్ళ కొలత బార్లీ గింజతో మొదలైంది. మూడు బార్లీ గింజలు వరసగా పెడితే అంగుళం అని వాళ్ళ పాత లెక్క. అందుకే యూకేలో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ మధ్య దూరం అంగుళంలో మూడో వంతు, అంటే 8.47 మిల్లీమీటర్లు. అది పెద్ద దూరమే, కాలికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకని మధ్యలో హాఫ్ సైజు పెట్టుకున్నారు. యూకే హాఫ్ అంటే 4.23 మిల్లీమీటర్లు.

ఈ లెక్క సున్నా నుంచి నేరుగా పెద్దవాళ్ళ దాకా పోదు. పిల్లల సైజులు 4 అంగుళాల దగ్గర సున్నాతో మొదలై 13 దాకా వెళ్తాయి. అక్కడి నుంచి మళ్ళీ ఒకటితో పెద్దవాళ్ళ సైజులు మొదలవుతాయి. అందుకే పెద్దవాళ్ళ సున్నా 25 బార్లీ గింజల దగ్గర, అంటే ఎనిమిదింబావు అంగుళాలు దాటగానే పడుతుంది. లాస్ట్ పొడవును అంగుళాల్లో కొలిచి, మూడుతో గుణించి, 25 తీసేస్తే యూకే సైజు వస్తుంది. మీ 8 నంబరుకు ఈ లెక్క ఎంతో చక్కగా కుదురుతుంది. దాని లాస్ట్ సరిగ్గా 11 అంగుళాలు. 11ని మూడుతో గుణిస్తే 33, అందులోంచి 25 పోతే 8.

యూరప్‌ది పూర్తిగా వేరే కొలబద్ద. అది ఫ్రెంచివాళ్ళ పారిస్ పాయింట్. రెండు సెంటీమీటర్లను మూడు భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక పాయింట్, అంటే 6.67 మిల్లీమీటర్లు. పిల్లలకు వేరే, పెద్దలకు వేరే అని లేదు, సున్నా నుంచి నేరుగా లెక్కపెట్టుకుంటూ పోతారు. 28 సెంటీమీటర్ల లాస్ట్ అంటే 42 పాయింట్లు, అదే ఈయూ 42. పాయింటు చిన్నది కాబట్టి వాళ్ళ పాత పద్ధతిలో హాఫ్ సైజు అవసరం రాలేదు. తోలు షూలు చేసే చాలా యూరప్ కంపెనీలు ఇప్పటికీ 41, 42, 43 అనే చేస్తాయి, మధ్యలో ఏమీ ఉండదు.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. యూకే హాఫ్ 4.23 మిల్లీమీటర్లు. ఈయూ పూర్తి సైజు 6.67. ఒకవేళ ఈయూలో హాఫ్ ఉందనుకున్నా అది 3.33. ఈ మూడింటిలో ఏ రెండూ సమానం కాదు. "హాఫ్" అనే మాట ఒకటే కానీ అది రెండు వేర్వేరు కొలబద్దల్లో సగం. మన మూరలో సగాన్నీ గజంలో సగాన్నీ "సగం" అనే పిలుస్తాం, అంతమాత్రాన అవి ఒకటి కావు కదా. ఇది కూడా అంతే.

రెండు కొలబద్దలనూ కలిపే సూత్రం ఇది:

```
EU = 1.27 × (UK + 25)
```

ఇందులో 1.27 ఎలా వచ్చిందంటే, 8.47ని 6.67తో భాగిస్తే వచ్చేది అదే. ఒక యూకే సైజు పెరిగితే ఈయూ ఒకటి కాదు, ఒకటింపావు కంటే ఒక పిసరు ఎక్కువ పెరుగుతుంది. నాలుగు యూకే సైజులు దాటితే ఈయూలో ఐదు దాటతాయి. ఈ "నాలుగుకి ఐదు" ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఏ చార్ట్ అయినా చేతిలోకి రాగానే అది సరైనదో కాదో మీరే చెప్పగలరు.

సూత్రంలో మీ 8 వేసి చూడండి. 33ని 1.27తో గుణిస్తే 41.91. అంటే దాదాపు 42. రెండు కొలబద్దల గీతలూ ఇంత దగ్గరగా వచ్చే చోట్లు మగవాళ్ళ సైజుల్లో కొన్నే ఉన్నాయి, వాటిలో 8 ఒకటి. అందుకే "8 అంటే 42" అన్నది మన దేశంలో అందరి నోటా నిలిచిపోయింది. దానితో పేచీ లేదు. పేచీ అక్కడి నుంచి కదిలితే మొదలవుతుంది. 8.5 వేస్తే 42.55 వస్తుంది. 9 వేస్తే 43.18. 9.5 వేస్తే 43.8. 10 వేస్తే 44.45. ఈయూలో పూర్తి సైజులే చేసే కంపెనీ వీటిని ఏం చేస్తుంది? 8.5, 9 రెండింటినీ 43లో వేస్తుంది. 9.5, 10 రెండింటినీ 44లో వేస్తుంది. కిందికి వచ్చి చూసినా 7 వేస్తే 40.64, 7.5 వేస్తే 41.28, రెండూ 41కే వెళ్తాయి. యూకే 6 నుంచి 11 దాకా హాఫ్‌లతో కలిపి పదకొండు నంబర్లుంటే, ఈయూలో వాటికి 39 నుంచి 46 దాకా ఎనిమిది గదులే ఉన్నాయి. పదకొండు మందిని ఎనిమిది గదుల్లో సర్దితే ఎక్కడో ఒక గదిలో ఇద్దరు పడక తప్పదు. ఇది చార్ట్ రాసినవాళ్ళ పొరపాటు కాదు. రెండు కొలతలు అలా ఉన్నాయి, అంతే.

హాఫ్ సైజులు చేసే స్పోర్ట్స్ షూ కంపెనీలు ఈ చిక్కును ఎలా విప్పుకున్నాయో చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. నైకీ మగవాళ్ళ చార్ట్‌లో ఈయూ నంబర్లు వరసగా చదవండి: 40, 40.5, 41, తర్వాత 42. మధ్యలో 41.5 లేదు. ఆ తర్వాత 42.5, 43, వెంటనే 44. 43.5 కూడా లేదు. మొదటిసారి చూసేవాళ్ళకు ఇది అచ్చుతప్పులా కనిపిస్తుంది. చాలామంది నన్ను అలాగే అడిగారు. నిజానికి చార్ట్‌లో నిజాయితీ ఉన్నది సరిగ్గా అక్కడే. యూకేలో ప్రతి హాఫ్ సైజుకూ ఈయూలో 1.27లో సగం, అంటే 0.635 కదలాలి. వాళ్ళ దగ్గర ఉన్నవి 0.5 అడుగులు. రెండుసార్లు అర చొప్పున కదిపితే కొంచెం వెనకబడతారు. మూడోసారి పూర్తిగా ఒకటి దూకి ఆ లోటు పూడుస్తారు. అర, అర, ఒకటి, మళ్ళీ అర, అర, ఒకటి. సగటు తీస్తే 0.67 వస్తుంది, కావలసిన 0.635కి అది బాగా దగ్గర.

అడిడాస్ ఇంకో దారి పట్టింది. వాళ్ళు ఈయూను సగాలుగా కాకుండా మూడో వంతులుగా విడగొట్టారు. అందుకే వాళ్ళ పెట్టెల మీద 42 2/3, 43 1/3 లాంటి వింత నంబర్లు కనిపిస్తాయి. 42 తర్వాత 42 2/3, తర్వాత 43 1/3, తర్వాత 44. ప్రతి అడుగూ మూడింట రెండు వంతులు, అంటే 4.44 మిల్లీమీటర్లు. యూకే హాఫ్ 4.23. రెండింటికీ తేడా మిల్లీమీటరులో అయిదో వంతు. నా దృష్టిలో ఇది చాలా తెలివైన పద్ధతి. నంబరు చదవడానికి కాస్త ఇబ్బందే కానీ, అడుగులన్నీ సమానంగా ఉంటాయి. మూడు యూకే హాఫ్‌లు 12.7 మిల్లీమీటర్లు, రెండు ఈయూ సైజులు 13.3 మిల్లీమీటర్లు. ఈ దగ్గరితనం మీదే రెండు కంపెనీల చార్టులూ నిలబడ్డాయి.

ఇప్పుడు యూఎస్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ అసలు గందరగోళం అక్కడే. అమెరికావాళ్ళదీ బార్లీ గింజ కొలబద్దే. అడుగు అదే 8.47, హాఫ్ అదే 4.23. కాబట్టి యూకేకీ యూఎస్‌కీ మధ్య హాఫ్ సైజులు చక్కగా కలుస్తాయి. తేడా అంతా లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్న దానిలోనే. మగవాళ్ళ యూఎస్ సూత్రంలో 25 బదులు 24 తీసేస్తారు. అంటే లెక్క ప్రకారం యూకేకి ఒకటి కలిపితే యూఎస్. మీ 8 అక్కడ 9 అవ్వాలి. నైకీ ఇలాగే రాస్తుంది, యూకే 8 అంటే యూఎస్ 9. అడిడాస్ మాత్రం అర కలుపుతుంది, యూకే 8 అంటే యూఎస్ 8.5. మీరు చూసిన రెండు చార్టులూ బహుశా ఇలాంటివే. రెండూ వాటి వాటి షూలకు సరైనవే. ఒకదాని చార్టుతో ఇంకోదాని షూ కొంటేనే తప్పవుతుంది.

ఇక్కడ ఒక విషయం నేను చాలా ఏళ్ళ తర్వాత గమనించాను, అందరికీ చెప్పాలనిపిస్తుంది. ఆ రెండు కంపెనీల చార్టులూ పక్కపక్కన పెట్టి, యూకే వరసను చేత్తో మూసేయండి. నైకీలో యూఎస్ 8.5 అంటే ఈయూ 42, 26.5 సెంటీమీటర్లు. అడిడాస్‌లో యూఎస్ 8.5 అంటే ఈయూ 42, 26.5 సెంటీమీటర్లే. యూఎస్ 10 దగ్గర చూడండి, రెండింటిలోనూ ఈయూ 44, 28 సెంటీమీటర్లు. మధ్యలో ఒకరు 42.5 రాస్తే ఇంకొకరు 42 2/3 రాస్తారు, అంతే. మూడు వరసలూ ఇంత చక్కగా కలుస్తున్నాయి. చెయ్యి తీసి చూస్తే యూకే వరస ఒక్కటే అర సైజు పక్కకు జరిగి ఉంటుంది. మనం ఇక్కడ అలవాటుగా పట్టుకునేది ఆ వరసనే. చెప్పుల షాపులో మొదటి నుంచీ మనకు చెప్పేది యూకే నంబరు కాబట్టి అదే మన సైజు అనుకుంటాం. విదేశీ స్పోర్ట్స్ షూ కొనేటప్పుడు మాత్రం నాలుగు వరసల్లో తక్కువగా నమ్మాల్సింది అదే.

ఇక మీ పాదం సంగతి. 26.6 వచ్చిందన్నారు. ఒక కాలే కొలిచి ఉంటే రెండోది కూడా కొలవండి. చాలామందికి రెండు పాదాలు సమానంగా ఉండవు. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉన్నా వింతేమీ కాదు, అంటే హాఫ్ సైజు తేడా ఒకే మనిషి రెండు కాళ్ళ మధ్యే ఉండవచ్చు. పెద్ద కాలికే సైజు తీసుకోవాలి. సాయంత్రం పూట కొలవండి, పొద్దున్నకంటే పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఏ మేజోళ్ళతో షూ వేసుకుంటారో అవే వేసుకోండి. కాగితం నేల మీద పరిచి, మడమ గోడకు ఆనించి, కూర్చుని కాకుండా లేచి నిలబడి, బరువు ఆ కాలి మీద వేయండి. పెన్నును నిలువుగా పట్టుకుని అన్నిటికంటే ముందున్న వేలి దగ్గర గుర్తు పెట్టండి. అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి పక్కవేలు పొడవుగా ఉంటుంది. పెన్ను వంగితే అక్కడే మూడు నాలుగు మిల్లీమీటర్లు పోతుంది, అదే మళ్ళీ హాఫ్ సైజు. వేరేవాళ్ళ చేత గుర్తు పెట్టించుకుంటే మంచిది. మనమే వంగి పెట్టుకుంటే బరువు పక్కకు జరుగుతుంది.

రెండు కాళ్ళలో పెద్దది 26.6 అనే అనుకుందాం. మీ యూకే 8 లెదర్ షూ లాస్ట్ 11 అంగుళాలు, అంటే 279 మిల్లీమీటర్ల పైచిలుకు. 266 తీసేస్తే ముందు 13 మిల్లీమీటర్ల ఖాళీ. లెదర్ షూకి అది సరిపోతుంది, అందుకే మీకు బాగుంది. రన్నింగ్ షూకి ఇంకొంచెం ఖాళీ కావాలి, పరుగెత్తేటప్పుడు పాదం ముందుకు తోసుకుంటుంది. ఆ పెట్టెల మీదుండే సెంటీమీటర్ల అంకె లాస్టుది కాదు, ఆ షూ ఎంత పొడవు పాదానికి ఉద్దేశించిందో చెప్పేది. 26.6కి 26.5 అన్నది అంచు మీద ఉంటుంది. 27 తీసుకోవాలి. 27 అంటే రెండు కంపెనీల్లోనూ యూఎస్ 9. కానీ చూడండి, ఆ యూఎస్ 9 పెట్టె మీద నైకీ అయితే యూకే 8 అని, అడిడాస్ అయితే యూకే 8.5 అని ఉంటుంది. మీ బావగారు మీకు నచ్చిన నంబరు 8 అని యూకే చూసి అడిడాస్ తెస్తే హాఫ్ సైజు చిన్నది వస్తుంది. పరుగు మొదలుపెట్టిన కాసేపటికి వేలి చివర నొప్పి తెలుస్తుంది, కొన్నాళ్ళకు గోరు నల్లబడుతుంది.

ఇంకో జాగ్రత్త. అమెరికాలో ఆడవాళ్ళ యూఎస్ నంబర్లు వేరు. ఒకే షూ పెట్టె మీద మగవాళ్ళకు 9 అని, ఆడవాళ్ళకు 10.5 అని రెండూ ఉండవచ్చు. అందుకే "మగవాళ్ళ" అన్న మాట కలిపి చెప్పమన్నాను.

సెంటీమీటర్ల అంకె కూడా పూర్తిగా పవిత్రమైనదేమీ కాదని చెప్పాలి. అది ప్రతి హాఫ్ సైజుకూ అర సెంటీమీటరు, అంటే 5 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. షూ పెరిగేది 4.23 చొప్పున. మధ్య సైజుల్లో ఈ తేడా బాధించదు. యూఎస్ 7 నుంచి 12 దాకా వెళ్తే పెట్టె మీద అంకె 25 నుంచి 30కి చేరుతుంది, అంటే 50 మిల్లీమీటర్లు. లాస్టు పెరిగేది 42 మిల్లీమీటర్లే. కాబట్టి చాలా పెద్ద పాదాలున్నవాళ్ళు సెంటీమీటర్ల అంకెను మాత్రమే నమ్ముకుంటే షూ అనుకున్నదానికంటే బిగుతుగా రావచ్చు. మీ సైజుకి ఆ భయం లేదు.

ఆన్‌లైన్‌లో తిరిగే చార్టుల్లో అసలైన తప్పు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది నేను డబ్బు పోగా చూసినది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఫ్యాక్టరీకి యూరప్ నుంచి ఆర్డర్ వచ్చింది, 39 నుంచి 46 దాకా. మా దగ్గర లాస్టులన్నీ యూకే నంబర్లవి. 8 అంటే 42 అని అందరికీ తెలుసు కాబట్టి అక్కడి నుంచి ఒకటికి ఒకటి చొప్పున పైకీ కిందికీ రాసుకుంటూ పోయారు. 9కి 43, 10కి 44, అలా 12కి 46. కిందికి 7కి 41, 5కి 39. కాగితం మీద ఎంతో నీటుగా ఉంది. నేను కూడా చూసి సరే అన్నాను. సరుకు వెళ్ళాక ఫిర్యాదు వచ్చింది: చిన్న సైజులు బిగుతు, పెద్ద సైజులు వదులు, మధ్యవి బాగున్నాయి. కారణం తెలియక తోలును అనుమానించాం, కుట్టును అనుమానించాం. చివరికి ఒక పెద్దాయన, మా లాస్ట్ గదిలో పనిచేసే మేస్త్రి, టేపు తీసి యూకే 12 లాస్టును కొలిచారు. సూత్రంలో వేసి చూడండి, 37ని 1.27తో గుణిస్తే 46.99. అది 46 కాదు, 47. ఒక పూర్తి పాయింటు, ఆరున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. యూకే 5 వేస్తే 38.1. 39 అని ముద్ర వేసిన షూ నిజానికి 38. ఆ సైజులన్నీ మళ్ళీ చేయాల్సి వచ్చింది.

"మధ్యలో బాగుంది, రెండు చివర్లా తప్పింది" అన్న ఆ లక్షణం నాకు అప్పటి నుంచి బండగుర్తు. ఇప్పటికీ మన దగ్గర అమ్మే ఎన్నో షూల పెట్టెల మీద 6కి 40, 7కి 41, 8కి 42, 9కి 43, 10కి 44, 11కి 45 అనే ఉంటుంది. 7 నుంచి 9 దాకా వాటితో పెద్దగా ఇబ్బంది రాదు. 6 దగ్గర లెక్క ప్రకారం 39.37 రావాలి, 11 దగ్గర 45.72 రావాలి. చివరి సైజుల వాళ్ళు ఆ ఈయూ నంబరు నమ్మి విదేశీ షూ తెప్పించుకుంటే అక్కడ దెబ్బతింటారు. హాఫ్‌లు కలిపిన చార్ట్‌లో 8కి 42, 8.5కి 42.5, 9కి 43, 9.5కి 43.5, 10కి 44 అని ఎక్కడా దూకకుండా సాఫీగా పోతుంటే, అది లాస్టు కొలిచి రాసినది కాదు, ఎవరో కూర్చుని నింపినది. అందులో 42.5 దాదాపు సరైనదే, 43.5 మాత్రం సరైనది కాదు. ఎక్కడో ఒకచోట నంబరు దూకాలి. దూకని చార్టును పక్కన పెట్టండి.

హాఫ్ సైజు గురించి ఇంకో సంగతి ఉంది, కానీ దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. లాస్టు పొడవు పెరిగినప్పుడు చుట్టుకొలత కూడా పెరుగుతుంది. పాదం బాగా వెడల్పుగా ఉండే చోట, అంటే బొటనవేలి కీలు దగ్గర, ఇంగ్లీషు పద్ధతిలో పూర్తి సైజుకు పావు అంగుళం, ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు పెంచుతారు. పారిస్ పాయింటు పద్ధతిలో ఒక్కో సైజుకు 5 మిల్లీమీటర్లు పెంచడం మామూలు. అందుకే పాదం వెడల్పుగా ఉన్నవాళ్ళు పక్కల బిగిస్తుంటే హాఫ్ పెద్దది తీసుకుంటారు, కొంచెం హాయిగా ఉంటుంది కూడా. కానీ దానితో పాటు పొడవు కూడా 4 మిల్లీమీటర్లు పెరిగింది. షూ వంగే చోటు పాదం వంగే చోటుకంటే ముందుకు జరుగుతుంది. నడుస్తుంటే మడమ పైకి లేస్తుంది, వేళ్ళ వెనక తోలు మీద మడత అడ్డంగా కాకుండా ఏటవాలుగా పడుతుంది. ఆ మడత చూస్తే చాలు, ఇతను పొడవుతో వెడల్పు కొన్నాడని నేను చెప్పేస్తాను. అలాంటివాళ్ళకు కావలసింది హాఫ్ సైజు కాదు, వెడల్పు ఫిట్టింగ్. అమెరికా మగవాళ్ళ షూల్లో మామూలు వెడల్పును D అంటారు, వెడల్పు ఎక్కువున్నదానికి EE అని ఉంటుంది, కొన్ని పెట్టెల మీద 2E అని రాస్తారు. మీకు యూకే 8 లెదర్ షూలో పక్కల నొక్కుడు లేదంటే ఈ గొడవ మీకు అక్కర్లేదు. నొక్కుతుంటే మాత్రం బావగారికి 9.5 అని చెప్పకండి, 9లోనే 2E చూడమనండి.

మీ దగ్గర ఇప్పటికే బాగా సరిపోయే స్పోర్ట్స్ షూ ఉంటే ఇంకో సులువైన పరీక్ష ఉంది. లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి, మడమ చివర నుంచి వేళ్ళ చివర దాకా మధ్య గీత మీద స్కేలుతో కొలవండి. వాట్సాప్‌లో ఆ కొలత బావగారికి పంపండి. షాపులో కొత్త షూ ఇన్‌సోల్ కూడా చాలావాటిలో బయటికి వస్తుంది. రెండింటికీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా లేకపోతే ధైర్యంగా కొనవచ్చు, పెట్టె మీద ఏ దేశం నంబరున్నా సరే. ఇన్‌సోల్ అతికించేసి ఉన్న మోడల్ అయితే ఈ పరీక్ష కుదరదు, అప్పుడు యూఎస్ 9, 27 సెంటీమీటర్లు అన్నదే పట్టుకోవాలి.

షూ వచ్చాక బయట నడవకముందే ఇంట్లో రెండూ వేసుకుని, లేసులు మామూలుగా బిగించి, నిలబడి చూడండి. పొడవైన వేలి ముందు మీ చేతి బొటనవేలి వెడల్పులో అర నుంచి ముప్పావు దాకా ఖాళీ తగలాలి. మెట్లు దిగేటప్పుడు వేలు ముందు తోలుకు తగలకూడదు. రెండో కాలి కొలత ఎంత వచ్చిందో కూడా ఇక్కడ రాయండి. అది 26.9 దాటితే మాత్రం నేను 9 బదులు 9.5 చెబుతాను.